బొంగులో కోడి, నిప్పుల మీద కోడి

ఖమ్మం జిల్లా వేంసూరు నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా భద్రాచలం వైపు సాగితే మామిడి తోటలు, పామాయిల్ తోటలు దాటాక వెదురు పొదలున్న అడవి మొదలవుతుంది. ఈ అడవి అంచు ఊళ్లలో కోడిని నిప్పు మీద వండే తీరులు రెండున్నాయి. ఒకటి కొండ మీది పద్ధతి. ఉప్పూకారం పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, మంట మీద తిప్పుతూ ఉడికిస్తారు. భద్రాచలం నుంచి రాజమండ్రి వెళ్లే ఘాట్ రోడ్డులో మారేడుమిల్లి దగ్గర ఆగినవాళ్లకు ఇది బొంగు చికెన్‌గా బాగా తెలుసు. రెండోది ఊరి సెంటర్లో సాయంత్రమయ్యేసరికి బండి మీద కనిపించే చీకులు. ఇనప చువ్వకు గుచ్చిన ముక్కలు బొగ్గుల మీద చిటపటలాడుతూ ఎర్రబడి, అక్కడక్కడా నల్లబడతాయి.

రెండింటిలోనూ ఉన్నది కోడే, కింద ఉన్నది నిప్పే. అయినా వండటం పూర్తయ్యాక ముక్కలో చేరే రసాయనాల్లో చాలా తేడా ఉంటుంది. మాంసాన్ని కాల్చినప్పుడు కొన్ని క్యాన్సర్ కారక పదార్థాలు పుడతాయన్న మాట చాలామంది వినే ఉంటారు. అవి ఎక్కడ, ఎందుకు పుడతాయో తెలిస్తే, చీకుల రుచి వదులుకోకుండానే వాటిని తగ్గించే దారి దొరుకుతుంది.

జపాన్ వంటింటి పొగ

1970ల్లో టోక్యోలోని జాతీయ క్యాన్సర్ కేంద్రంలో తకాషి సుగిమురా అనే శాస్త్రవేత్త కాల్చిన చేప మీద దృష్టి పెట్టారు. జపాన్ ఇళ్లలో చేపను నిప్పు సెగ మీద కాల్చడం రోజువారీ వంట. పొగలో క్యాన్సర్ కారకాలుంటాయని అప్పటికే తెలుసు కాబట్టి, చేపను కాల్చేటప్పుడు లేచే పొగలో ఏముందో చూడాలనుకున్నారు. ఆయన బృందం ఆ పొగను పట్టి, మాడిన చేప పైపొరను గీకి, రెండింటినీ బ్యాక్టీరియా మీద పరీక్షించింది.

ఆ పరీక్షను అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ రూపొందించారు. అందులో వాడే సాల్మొనెల్లా బ్యాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. అది లేని పళ్లెంలో వేస్తే పెరగదు. అయితే జన్యువులో సరైన చోట మార్పు జరిగిన బ్యాక్టీరియా మళ్లీ ఆ శక్తి సంపాదించి, చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది. ఒక పదార్థం కలిపాక చుక్కలు ఎక్కువైతే అది జన్యువుల్ని మారుస్తోందని అర్థం.

సుగిమురా బృందం కలిపిన మాడు చాలా ఎక్కువ చుక్కల్ని పుట్టించింది. పొగలో ఉంటుందని తెలిసిన బెంజోపైరీన్‌తో లెక్క కట్టి చూస్తే ఆ ప్రభావంలో కొద్ది భాగమే తేలింది. అంటే చేప మాడులో అప్పటికి ఎవరూ పేరు పెట్టని మరేవో ఉన్నాయి. 1977లో ఈ ఫలితాలు వెలువడ్డాక వేట మొదలైంది. కాల్చిన సార్డిన్ చేపల్లోంచి కొత్త పదార్థాల్ని విడదీశారు. 1986లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో జేమ్స్ ఫెల్టన్ బృందం వేయించిన గొడ్డు మాంసంలో పీహెచ్‌ఐపీ అనేదాన్ని గుర్తించింది. వండిన మాంసంలో ఈ జాతి పదార్థాల్లో సాధారణంగా అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండు జాతులు, రెండు పుట్టుకలు

కాల్చిన ముక్కలో మనం పట్టించుకోవలసినవి రెండు జాతులు. మొదటి జాతి పేరు హెటిరోసైక్లిక్ అమీన్లు. ఇక్కడ అమీన్లు అని పిలుద్దాం. ఇవి మాంసం లోపలి సరుకుతోనే తయారవుతాయి. కండలో శక్తి నిల్వకు పనికొచ్చే క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది. బాగా వేడెక్కినప్పుడు అది అమైనో ఆమ్లాలతో కలిసి అమీన్లుగా మారుతుంది. కొన్ని రకాల తయారీలో కండలోని చక్కెరలకూ పాత్ర ఉంటుంది. క్రియాటిన్ జంతువుల కండలోనే ఉంటుంది కాబట్టి వంకాయను, మొక్కజొన్న కంకిని ఎంత కాల్చినా ఈ అమీన్లు రావు. మాంసంలో కూడా ఇవి చెప్పుకోదగ్గ మోతాదులో పుట్టాలంటే ముక్క పైపొర సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటాలి. 200 డిగ్రీల మీద వేగం బాగా పెరుగుతుంది. ఆ వేడిలో ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ.

రెండో జాతి పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. వీటిని మసి పదార్థాలు అందాం. బెంజోపైరీన్ వీటిలోదే. ఇవి ప్రధానంగా మాంసంలో పుట్టవు, నిప్పులో పుట్టి మాంసానికి అంటుకుంటాయి. కరిగిన కొవ్వు మండే బొగ్గు మీద పడినప్పుడు గాలి చాలక సగం కాలి, పొగగా మారుతుంది. ఆ పొగలో మసి పదార్థాలుంటాయి. పొగ నేరుగా పైన ఉన్న ముక్కనే తాకుతుంది. సరిగా రాజుకోని కట్టె కూడా ఇలాంటి పొగే వదులుతుంది. 1964లో లిజిన్‌స్కీ, షూబిక్ అనే ఇద్దరు పరిశోధకులు బొగ్గుల మీద కాల్చిన గొడ్డు మాంసంలో కిలోకు సుమారు 8 మైక్రోగ్రాముల బెంజోపైరీన్ ఉన్నట్టు చూపారు. ఇప్పుడు యూరోపియన్ యూనియన్‌లో ఇలా కాల్చి అమ్మే మాంసానికి కిలోకు 5 మైక్రోగ్రాములే పరిమితి.

ఒకదాన్ని తగ్గించే ఉపాయం రెండోదాన్ని తగ్గించకపోవచ్చు. కారే కొవ్వును పళ్లెంలో పడితే మసి తగ్గుతుంది గానీ ముక్క పైపొర వేడి అలాగే ఉంటే అమీన్లు పుడుతూనే ఉంటాయి. ముక్కను తరచూ తిప్పితే అమీన్లు తగ్గుతాయి గానీ పొగ పడుతూనే ఉంటే మసి చేరుతూనే ఉంటుంది.

బొంగు లోపల ఏం జరుగుతుంది

బొంగు చికెన్‌కి ఒక వైపు కణుపు మూసి, మరో వైపు తెరిచి ఉన్న పచ్చి వెదురు ముక్క కావాలి. ఎండు వెదురు పనికిరాదు, అది మంట అంటుకుని కాలిపోతుంది. ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి పట్టిస్తారు, నూనె వేయరు. బొంగు నింపి, మూతికి ఆకులు గట్టిగా కుక్కుతారు. మంట మీద ఏటవాలుగా ఆనించి, అన్ని వైపులా కాలేలా తిప్పుతూ అరగంట నుంచి ముప్పావుగంట దాకా ఉంచుతారు.

బయటి పెంకు నల్లగా కాలిపోయినా లోపల మాంసం మాడదు. పచ్చి వెదురు గోడ నిండా తేమ ఉంటుంది, లోపల మాంసం వదిలిన రసం ఉంటుంది. ఆ నీళ్లు ఉన్నంతవరకు వచ్చిన వేడి అంతా వాటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, లోపల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పొయ్యి కింద ఎంత మంట పెట్టినా ఆవిరి మీద ఉడికే ఇడ్లీ ఎర్రబడకపోవడానికి కారణం కూడా ఇదే. 100 డిగ్రీల దగ్గర అమీన్లు దాదాపు ఏర్పడవు.

మసి సంగతి కూడా ఇక్కడ తేలికగా తేలిపోతుంది. కొవ్వు నిప్పులో పడే దారి లేదు, అది బొంగులోనే రసంలో కలుస్తుంది. కట్టెల పొగ ముక్కను తాకకుండా వెదురు గోడ అడ్డుంటుంది. మూతి నుంచి ఆవిరి బయటికి తోసుకొస్తుంటుంది కాబట్టి ఆ వైపు నుంచి పొగ లోపలికి చొరబడటం కష్టం.

అయితే ఈ రక్షణ నీళ్లున్నంతవరకే. మంట ఒకే చోట ఎక్కువగా తగిలి బొంగు పగిలితే రసం చుయ్యిమంటూ నిప్పులోకి కారిపోతుంది. లోపలి ముక్కలు గోడకు అంటుకుని మాడటం మొదలవుతుంది. మూతి దగ్గర ఆవిరి సన్నబడి, ఉడుకు వాసన పోయి వేపుడు వాసన వస్తే దించాల్సిన సమయం దాటుతోందని గుర్తు. దించాక పై మసిని రాల్చి, ముక్కల్ని మూతి నుంచి పళ్లెంలోకి వంచాలి. బొంగును నిలువునా చీల్చితే పెంకు మీది మసి పొడి కూర మీద రాలుతుంది.

చువ్వ మీద ఏం జరుగుతుంది

ఇప్పుడు అదే కోడి చువ్వ మీదికి వచ్చింది. ఎముక, తోలు తీసిన రొమ్ము ముక్కలు, కింద ఎర్రటి బొగ్గులు. మొదటి రెండు మూడు నిమిషాలు పైపొరలో తడి ఉంటుంది, ముక్క తెల్లబడుతుందే తప్ప ఎర్రబడదు. తడి ఆరిన క్షణం నుంచి పైపొర వేడి వేగంగా పెరిగి 150, 200 డిగ్రీలు దాటుతుంది. ముక్క లోపలి నుంచి ఊరే రసం తనతో పాటు క్రియాటిన్‌ను, అమైనో ఆమ్లాలను పైకి తెచ్చి, ఆ వేడి పొర మీద ఆరబెడుతుంది. ముడి సరుకు, వేడి రెండూ ఒకే చోట చేరతాయి.

కోడి తెల్ల మాంసం కాబట్టి కాల్చినా పర్వాలేదనుకోవడం ఈ విషయంలో చెల్లదు. 1995లో అమెరికా పరిశోధకులు రకరకాలుగా వండిన కోడి రొమ్ము మాంసంలో పీహెచ్‌ఐపీని కొలిచారు. వండిన పద్ధతిని, ఎంత కాల్చారన్నదాన్ని బట్టి అది గ్రాముకు 12 నుంచి 480 నానోగ్రాముల దాకా ఉంది. అన్నిటికంటే ఎక్కువ కనిపించింది బాగా కాలేదాకా నిప్పు సెగ మీద ఉంచిన ముక్కల్లోనే. ఒకే మాంసంలో నలభై రెట్ల తేడా వచ్చింది. ఇంత తేడా వంట చేతిలో ఉందంటే, తగ్గించడం కూడా వంట చేతిలోనే ఉందన్నమాట.

ఇక బండి మీద మరో అలవాటు. చీకులు ఆరిపోకుండా మధ్య మధ్య కుంచెతో నూనె రాస్తారు. అది బొగ్గు మీదికి కారి భగ్గున మంట లేస్తుంది, దట్టంగా పొగ వస్తుంది. ఆ మంట చూడటానికి బాగుంటుంది, వాసనకు జనం ఆగుతారు. మసి పదార్థాలు ముక్కకు ఎక్కువగా అంటేది సరిగ్గా ఆ క్షణంలోనే. దక్షిణ కొరియా పరిశోధకులు బొగ్గుల మీద మాంసం కాలుస్తూ, కారే కొవ్వు నిప్పులో పడకుండా తప్పించి చూశారు. మాంసంలో వాళ్లు కొలిచిన మసి పదార్థాలు 48 నుంచి 89 శాతం దాకా తగ్గాయి. పొగను పక్కకు లాగేస్తే 41 నుంచి 74 శాతం తగ్గాయి.

ఒక కిలో చీకులు, మార్చిన పద్ధతిలో

ఇంట్లో ఒక కిలో చీకులు చేస్తున్నామనుకుందాం. ముక్కలు బొటనవేలి కొస అంత చిన్నవిగా కోస్తే లోపలిదాకా త్వరగా ఉడుకుతాయి, నిప్పు మీద ఉండే సమయం తగ్గుతుంది.

ముక్కలకు నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, పసుపు, ఉప్పు పట్టించి గంటసేపు చల్లటి చోట ఉంచాలి. ఇది రుచికి మాత్రమే కాదు. 1997లో లివర్‌మోర్ పరిశోధకులు కోడి రొమ్మును ఆలివ్ నూనె, వెనిగర్, వెల్లుల్లి, ఆవాలు, నిమ్మరసం, ఉప్పు, బెల్లం రంగు చక్కెర కలిపిన మిశ్రమంలో నానబెట్టి కాల్చినప్పుడు పీహెచ్‌ఐపీ 92 నుంచి 99 శాతం తగ్గింది. 2011లో అమెరికాలో గొడ్డు మాంసం మీద చేసిన ప్రయోగంలో మన పసుపు అమీన్లను సుమారు 39 శాతం తగ్గించింది. కానీ మొదటి ప్రయోగంలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. నానబెట్టిన ముక్కల్ని అరగంట, నలభై నిమిషాలు కాల్చినప్పుడు ఇంకో రకం అమీన్ పది రెట్లకు పైగా పెరిగింది. కాబట్టి మసాలా పట్టించామన్న ధైర్యంతో ఎక్కువసేపు కాల్చకూడదు. తేనె, చక్కెర, టమాటా సాస్ లాంటి తీపివి ముందే పూస్తే త్వరగా మాడతాయి, కావాలంటే దించాక రాసుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని దీని తర్వాతది. ముక్కల్ని వెడల్పాటి గిన్నెలో వేసి, నీళ్లు పోయకుండా మూత పెట్టి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. ముక్కలు తెల్లబడి గట్టిపడతాయి, అడుగున రసం ఊరుతుంది. ఆ రసాన్ని పూర్తిగా వంపేయాలి. అమీన్లకు కావలసిన క్రియాటిన్‌లో చాలా భాగం అందులోకి దిగిపోతుంది. ఫెల్టన్ బృందం గొడ్డు మాంసం ముద్దల్ని వేయించే ముందు రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో ఉంచి, రసం తీసేసి చూసినప్పుడు అమీన్లు 90 శాతం దాకా తగ్గాయి. గిన్నెలో ఉడికించడం దానికి దగ్గరి పద్ధతి. వంపిన రసాన్ని పారబోయక్కర్లేదు. కూరలోనో చారులోనో కలిపితే అది 100 డిగ్రీల దగ్గరే ఉడుకుతుంది, అక్కడ దానితో ఇబ్బంది లేదు. ఇగిరించి అడుగంటనీయకుండా చూసుకుంటే చాలు. సగం ఉడికిన ముక్కల్ని మాత్రం పక్కన పెట్టి వదిలేయకూడదు. గోరువెచ్చగా ఉన్న మాంసంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి వెంటనే నిప్పు మీదికి ఎక్కించాలి.

ఈలోగా బొగ్గులు సిద్ధం కావాలి. మంట, పొగ పూర్తిగా తగ్గి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కనిపించాక కాల్చడం మొదలుపెట్టాలి. అప్పుడు బొగ్గుల్ని రెండు పక్కలకు నెట్టి, మధ్యలో కొద్దిగా నీళ్లు పోసిన రేకు పళ్లెం ఉంచి, చువ్వలు ఆ పళ్లెం మీదుగా వచ్చేలా పెట్టాలి. కారేది పళ్లెంలో పడుతుంది, సెగ పక్కల నుంచి వస్తుంది. నూనె రాయాలనిపిస్తే చువ్వను నిప్పుకు దూరంగా తీసి రాయాలి. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క వాడకూడదు.

చువ్వను నిమిషానికొకసారి తిప్పాలి. ఒకే వైపు వదిలేస్తే ఆ పొర వేడెక్కుతూ పోతుంది. తిప్పుతుంటే ప్రతి వైపూ కాసేపు చల్లబడుతుంది, ముక్క లోపల మాత్రం ఉడకడం ఆగదు. లివర్‌మోర్ పరిశోధకులు మాంసం ముద్దల్ని ఇలా నిమిషానికొకసారి తిప్పి వేయించినప్పుడు అమీన్లు బాగా తగ్గడమే కాక, లోపల చేరవలసిన వేడి కూడా త్వరగా చేరింది. మన ముక్కలు ముందే సగం ఉడికాయి కాబట్టి అయిదారు నిమిషాల్లో రంగు వచ్చి తయారవుతాయి. ముక్క లోపల 74 డిగ్రీలు చేరితే కోడికి అది చాలు. వంట థర్మామీటర్ ఉంటే దాని మొనను చువ్వకు తగలకుండా ముక్క మధ్యలో గుచ్చి చూడాలి, చువ్వ ముక్క కంటే వేడిగా ఉంటుంది. థర్మామీటర్ లేకపోతే పెద్ద ముక్కను చీల్చి చూడాలి, లోపల గులాబీ రంగు, ఎర్రటి నీరు ఉండకూడదు.

అంత జాగ్రత్తపడ్డా అంచులు నల్లబడితే ఆ భాగం కోసేయాలి. అయితే నలుపు తీసేస్తే అంతా పోయినట్టు కాదు. అమీన్లు ముదురు గోధుమ రంగు పొరలో కూడా ఉంటాయి. అసలు నల్లబడనీయకపోవడమే మేలు.

తలకాయ, కాళ్లు కాల్చేటప్పుడు

మేక తలకాయ, కాళ్లు మంటలో కాల్చడం కూడా ఇలాంటిదేనా అని అడగవచ్చు. అక్కడ కాల్చేది బొచ్చు పోవడానికి. మంట తగిలేది కొద్దిసేపు, అదీ తోలు పైన. లోపలి కండ వేడెక్కదు, ఆ తర్వాత అంతా నీళ్లలో ఉడుకుతుంది. అందుకని అమీన్ల బెడద తక్కువ. కానీ తోలు మీద మసి నేరుగా పడుతుంది. మసి పదార్థాలు కొవ్వులో కరుగుతాయి, నీళ్లలో దాదాపు కరగవు. ఉత్త నీళ్లు పోసి కడిగితే పోయేది తక్కువ. కత్తితో నల్లటి పొర పోయి లేత రంగు తోలు తేలేదాకా గీకి, ఆ తర్వాత పసుపు రాసి కడిగే పాత పద్ధతిలో అసలు పని చేసేది ఆ గీకడమే. తొందరలో దాన్ని వదిలేయకూడదు. పొగ లేని మంట మీద కాల్చితే గీకవలసిన మసి కూడా తగ్గుతుంది.

ప్రమాదం ఎంత

బెంజోపైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. పీహెచ్‌ఐపీని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. జంతువుల్లో అమీన్లు కణితులు పుట్టించాయన్నది నిజమే, కానీ ఆ ప్రయోగాల్లో ఇచ్చిన మోతాదు మనిషి మామూలుగా తినేదానికి వేల రెట్లు. అదే సంస్థ 2015లో మాంసం మీద తీర్పు ఇచ్చినప్పుడు, వండే పద్ధతిని బట్టి క్యాన్సర్ ముప్పు మారుతుందా అని తేల్చడానికి ఆధారాలు చాలవని చెప్పింది. బాగా కాల్చిన మాంసం ఎక్కువగా తినేవారిలో కొన్ని క్యాన్సర్లు ఎక్కువని చూపిన అధ్యయనాలున్నాయి, సంబంధం కనిపించనివీ ఉన్నాయి. ఒక మనిషి ఏళ్ల తరబడి తిన్న ముక్కలు ఎంత మాడాయో తర్వాత అడిగి కొలవడం కష్టం కావడం ఇందుకు ఒక కారణం.

కాబట్టి పండక్కో జాతరకో తిన్న రెండు చువ్వల చీకుల గురించి భయపడనక్కర్లేదు. లెక్క చూసుకోవలసింది వారంలో చాలా రోజులు కాల్చిన మాంసం తినేవాళ్లు. వాళ్లకంటే ముందు, రోజూ గంటల తరబడి ఆ పొగ మీద వంగి నిలబడే బండి యజమాని. తినేవాడికి ముక్క మీద అంటిన మసి ఒక్కటే, కాల్చేవాడికి ఊపిరిలో చేరే పొగ అదనం. పళ్లెం పెట్టడం, నూనె నిప్పు మీద కార్చకపోవడం, గాలికి ఎగువన నిలబడటం మొదట ఆయన ఒంటికే మేలు చేస్తాయి.

ఇన్ని పనులూ ఒకేసారి కుదరనివాళ్లు ముక్కల్ని ముందు ఉడికించి రసం తీయడంతో మొదలుపెట్టవచ్చు, అమీన్లలో ఎక్కువ భాగం అక్కడే తగ్గుతుంది. రెండోది నిప్పుకూ కొవ్వుకూ మధ్య పళ్లెం, మసిలో ఎక్కువ భాగం దానితో తగ్గుతుంది. తిప్పడం, నానబెట్టడం వీటి తర్వాత. మాడకూడదన్న భయంతో పచ్చిగా దించేయడం మాత్రం ఏ లెక్కనా తగదు. మాడు వల్ల వచ్చే ముప్పు ఏళ్ల మీద తేలేది, సరిగా ఉడకని కోడిలో బతికి ఉన్న సాల్మొనెల్లా రెండు మూడు రోజుల్లోనే మంచాన పడేస్తుంది.